నన్ను నిద్ర లేపే పేరు

ఈ కథలో ఎవరి పేరూ రాయను. పేర్ల మీద నడిచిన కథలో పేర్లు లేకపోతే ఎట్లా అని మీరు అడగొచ్చు. మొదటి అక్షరాలు చెప్తాను. మా సిద్ధాంతిగారికే అంతకంటే ఎక్కువ అక్కర్లేకపోయింది, మీకెందుకు?

మాది మైపాడుకి దక్షిణంగా సముద్రం ఒడ్డున ఒక పల్లెపాలెం. అప్పటికి నాకు పద్దెనిమిదో పందొమ్మిదో. కచ్చితంగా తెలియదు. తెలిసుంటే ఇంత గొడవ ఉండేదే కాదు. నూలు వలలు పోయి నైలాన్ వలలు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. మా పాలెంలో మొదటి నైలాన్ వల కొన్నది మా నాన్నే. ఆ గర్వంతో ఆయన ఆర్నెల్లు నేల మీద నడవలేదు.

ఆ ఏడు వేసవిలో దక్షిణపు గాలికి ఒక పడవ మా ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ముత్తుకూరు అవతల, కృష్ణపట్నం వైపు పాలెం వాళ్ళది. గాలి తగ్గేదాకా మా పాలెం వాళ్ళు తలా ఒకరిని ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టారు. మా ఇంటికి వచ్చినవాడు మూడుసార్లు పులుసు పోయించుకున్నాడు. తింటూనే, "పులుసు ఎవరు చేసింది?" అని అడిగాడు. "నేనే నాయనా" అంది మా అమ్మ. పచ్చి అబద్ధం. దడి వెనకనుంచి వింటున్న నాకు ఒళ్ళు మండిపోయింది. "కాదు, నేను" అన్నాను. అన్నాక ఇంక దాక్కోవడం దేనికని బయటికి వచ్చి నిలబడ్డాను. అతను నన్ను చూసి నవ్వబోతే పొలమారింది. నీళ్ళు ఇచ్చింది కూడా నేనే. ఆ క్షణాన నాకు మతి పోయింది, అంతే. చేసుకుంటే వీణ్ణే చేసుకోవాలి అనుకున్నాను.

అనుకుంటే చాలా? మా అమ్మ తమ్ముడు ఒకాయన ఉన్నాడు. భార్య పోయి రెండేళ్ళు. మంచివాడే, కాదనను. కానీ చిన్నప్పుడు ఆయన భుజం మీద కూర్చుని తిరనాళ్ళు చూసినదాన్ని, ఇప్పుడు పక్కన కూర్చుని తాళి కట్టించుకోమంటే ఎట్లా? మా అమ్మమ్మ మాత్రం పట్టు పట్టింది. మేనరికానికి జాతకాలు చూడక్కర్లేదు, పుట్టిన రోజు తెలియని పిల్లకి అంతకంటే సులువైన సంబంధం దొరకదు అని ఆమె లెక్క.

అదృష్టం బాగుండి నెల తిరక్కుండా కృష్ణపట్నం వైపు నుంచి అతని తల్లి సంబంధం అడగడానికి వచ్చింది. పొడుగ్గా, గట్టిగా, పడవ కొయ్యలాగా ఉండేది. నన్ను పైనించి కిందికి చూసి, "పిల్ల బాగానే ఉండాది. కానీ పొంతన చూడకుండా నేను అడుగు ముందుకెయ్యను" అంది. పెద్దకొడుకు పెళ్ళి పొంతన చూడకుండా చేసిందట. ఆ కోడలికీ ఈమెకీ పులుసులో ఉప్పు దగ్గర కూడా కుదరలేదు. అది నక్షత్రాల తప్పేనని ఆమె గట్టి నమ్మకం. ఆమె నోటి తప్పని మిగతా అందరి నమ్మకం.

పొంతన కుదిరితే అతను, కుదరకపోతే మామ. ఆ వారమంతా నేను అన్నం వార్చబోయి కుండ వార్చేశాను, ఉప్పు వెయ్యబోయి చక్కెర వేశాను. మా అమ్మ నెత్తిన మొట్టికాయలు పెట్టి పెట్టి అలిసిపోయింది.

సిద్ధాంతిగారు ఇందుకూరుపేటలో ఉండేవారు. ఒక బుధవారం ఉదయం నాన్న, అమ్మ, టెంకాయల సంచి మోస్తూ నేను నడిచి వెళ్ళాం. చేపల వాసన రాకూడదని నాన్న రెండుసార్లు స్నానం చేశాడు. మేము వెళ్ళేసరికి అతని తల్లి అరుగు కింద కూర్చుని ఉంది. సిద్ధాంతిగారు అరుగు మీద పంచాంగం ముందు పెట్టుకుని, బక్కగా, ముక్కు మీద అద్దాలతో ఉన్నారు. నన్ను దూరంగా నిలబడమన్నారు. నేను దూరంగానే నిలబడ్డాను, చెవులు మాత్రం అరుగు మీదే ఉంచాను.

"అమ్మాయి ఎప్పుడు పుట్టింది?" అని అడిగారు.

"గాలివాన వచ్చిన ఏడు సామీ. నెత్తళ్ళ చేపలు విరగబడిన నెల. తెల్లారుజామున" అంది అమ్మ.

"నెత్తళ్ళకి పంచాంగంలో తిథి లేదమ్మా" అన్నారాయన. తర్వాత అతని తల్లి వైపు తిరిగారు. "అబ్బాయిదో?"

"మావాడిది రోహిణి నచ్చత్రమని ఎవరో చెప్పినారు సామీ" అంది ఆమె దర్జాగా.

"ఎవరో అంటే ఎవరు?"

"చెప్పినాయన పోయినాడు."

"సరే, నిజంగా రోహిణే అనుకుందాం. అయినా పనికిరాదు. ఒకరికి పుట్టిన నక్షత్రం, ఇంకొకరికి మొదటి అక్షరాన్ని బట్టి వచ్చే పేరు నక్షత్రం కలిపి చూడకూడదు. అది దోషం. చూస్తే ఇద్దరికీ పుట్టినవి చూడాలి, లేదా ఇద్దరికీ పేర్లవి చూడాలి. లేదంటే ప్రశ్న పెట్టాలి."

ప్రశ్న అంటే ఏమిటో ఆయనే చెప్పారు. పుట్టిన వేళ తెలియనప్పుడు అడిగిన వేళకి చక్రం వేసి చూస్తారు. అడిగేవాడు విషయాన్ని మనసులో గట్టిగా తలచుకుని, నూట ఎనిమిది లోపల ఒక అంకె చెప్పాలి. ఆ అంకెని బట్టి లగ్నం పడుతుంది. పిల్ల తండ్రివి, నువ్వే అడగమని నాన్నతో అన్నారు.

నాన్న తూర్పు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలించాడు. నేను సంచి గట్టిగా పట్టుకున్నాను.

"ముప్పై మూడు" అన్నాడు నాన్న.

సిద్ధాంతిగారు వేళ్ళు లెక్కపెట్టుకున్నారు. "ముప్పై మూడులో తొమ్మిదులు మూడు పోతే ఆరు మిగిలింది. మేషం, వృషభం, మిథునం గడిచిపోయాయి. నాలుగోది కర్కాటకం, అది లగ్నం. జలరాశి. ఇవాళ చంద్రుడు మీనంలో ఉన్నాడు. అదీ జలరాశే. పెళ్ళికి చూడాల్సింది ఏడో ఇల్లు. చంద్రుడు మూడింటో, అయిదింటో, ఏడింటో, పదింటో, పదకొండింటో ఉండి గురువు చూస్తే మంచిది. ఈ చంద్రుడు తొమ్మిదింట కూర్చున్నాడు." అద్దాల పైనించి నాన్నని చూశారు. "ఏమయ్యా, నువ్వు తలచుకున్నది నీళ్ళలో ఉందే. పెళ్ళే తలచుకున్నావా?"

నాన్న ముఖం వెలిగిపోయింది. "దొరకతాదా సామీ? ముప్పై మూడు బారల వల. కొత్త నైలానుది. మొన్న ఆదివారం తెగి కొట్టుకుపోయింది."

నాకు అక్కడే భూమి చీలితే బాగుండు అనిపించింది. నా పెళ్ళి అడగమంటే వల అడిగాడు మానవుడు. అమ్మ తల కొట్టుకుంది. అతని తల్లి నోరు తెరిచి అట్లాగే ఉండిపోయింది. సిద్ధాంతిగారు మాత్రం పంచాంగం ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. పంచాంగం ఊగుతోంది.

"ఇంకో అంకె చెప్తా సామీ, ఈసారి పిల్లనే తలుచుకుంటా" అన్నాడు నాన్న.

"కుదరదు. ఒకసారి పెళ్ళి కోసమని కూర్చుని అంకె చెప్పావు. చాలకపోతే మళ్ళీ మళ్ళీ అడిగేందుకు ఇది సంతలో బేరం కాదు. పేర్లు చెప్పండి, పేరు నక్షత్రాలే చూస్తాను."

ఆ వల, మీరు అడుగుతారని చెప్తున్నాను, దొరకలేదు.

అతని పేరు 'నా'తో మొదలవుతుంది. నా పేరు చెప్పడానికి నాన్న గొంతు సవరించుకుని, జొన్నవాడ అమ్మవారి పేరు మొత్తం చెప్పాడు. 'కా'తో మొదలయ్యేది. పేరు చెప్పేటప్పుడు ఆయన నిటారుగా నిలబడ్డాడు కూడా. నాకు ఆ పేరు ఉందని నాకే ఏడాదికి ఒకసారి, మొక్కు తీర్చడానికి జొన్నవాడ వెళ్ళినప్పుడు గుర్తొచ్చేది.

సిద్ధాంతిగారు పట్టిక మీద వేలు నడిపారు. వేలు ఆగిపోయింది. ముఖం మారింది. "కా అంటే మృగశిర, మిథున రాశి. నా అంటే అనూరాధ, వృశ్చిక రాశి. మిథునానికి వృశ్చికం ఆరోది, దానికి ఇది ఎనిమిదోది. షష్ఠాష్టకం. పైగా ఇద్దరిదీ మధ్యనాడే, నాడీదోషం. ముప్పై ఆరు గుణాల్లో పద్దెనిమిదైనా రావాలి, దరిదాపుల్లో లేవు. ఈ సంబంధం వద్దు."

వద్దు అన్నాడాయన, అంత తేలిగ్గా. అతని తల్లి మోకాళ్ళ మీద చేతులు పెట్టి లేచింది. నాకు కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఏడుపు కూడా కాదు, కోపం. ఎవరో నా పేరు చెప్పుకుని నా మొగుణ్ణి తోలేసినట్టు ఉంది.

అప్పుడు అమ్మ అరుగు దగ్గరికి జరిగింది. "సామీ, దాని పేరు అది గాదు" అంది.

నాన్న "ఊరుకోమే" అన్నాడు. అమ్మ ఊరుకోలేదు.

నాకు ముందు ముగ్గురు పుట్టి పోయారు. మూడు నెలలకి ఒకరు, పురిటిలోనే ఒకరు, ఏడాది నిండి నడక నేర్చిన మగపిల్లాడు ఒకడు. నేను పుట్టగానే మా అమ్మమ్మ నన్ను తీసుకుపోయి, ఎవరి పెళ్ళిలోవో పారేసిన పుల్లాకుల మీద, అంటే తిని పడేసిన ఎంగిలి విస్తళ్ళ మీద పడుకోబెట్టింది. పక్కింటామె ఏమీ ఎరగనట్టు వచ్చి, ఎవరో పారేసిన బిడ్డ అని ఎత్తుకుంది. అమ్మ ఆమెకి చేటెడు తవుడు ఇచ్చి నన్ను కొనుక్కుంది. పారేసిన ఎంగిలాకు లాంటిదాన్ని మృత్యువు మాత్రం ఏం చేసుకుంటుంది అని. ఆ ఆకుల పేరే నాకు పెట్టారు. 'పు'తో మొదలయ్యేది. పాలెంలో పిల్లా పెద్దా పిలిచేది ఆ పేరే. పైవాళ్ళ ముందు చెప్పడానికి నాన్నకి సిగ్గు. అమ్మది సిగ్గు కాదు, భయం. పంతులుగారి ముందు, నక్షత్రాల ముందు ఆ పేరు పెడితే, ఇన్నాళ్ళూ మోసపోయిన మృత్యువుకి తెలిసిపోతుందేమోనని ఆమె భయం. అయినా అమ్మ ఆ రోజు చెప్పింది.

సిద్ధాంతిగారు మెల్లగా అన్నారు. "శాస్త్రం ఏం చెప్తుందంటే, నిద్రపోతున్న మనిషిని ఏ పేరు పెట్టి పిలిస్తే లేస్తాడో, ఏ పేరు పెట్టి పిలిస్తే వస్తాడో, పొంతనకి ఆ పేరే చూడాలి. దేవుడి గుళ్ళో చెప్పుకునే పేరు కాదు. పు అంటే హస్త, కన్యా రాశి." వేలు మళ్ళీ పట్టిక మీద నడిచింది. "కన్యకి వృశ్చికం మూడోది, దానికి ఇది పదకొండోది. దివ్యంగా ఉంది. హస్తది ఆదినాడి, కాబట్టి నాడీదోషం లేదు. ఇద్దరిదీ దేవగణం. గుణాలు ఇరవై దాటాయి. చేసుకోవచ్చు."

నేను ఎగిరి గంతేద్దామనుకునే లోపలే అతని తల్లి నడుం మీద చెయ్యి పెట్టింది. "బాగుండాది సామీ. ఇప్పుడే కా, ఇప్పుడే పు. కుదరకపోతే ఇంకో పేరు తీస్తారు. మూటలో ఎన్ని పేర్లుండాయో. లేచే పేరు ఏదో నేనే లేపి చూస్తా. నా చెవులతో విని, నా కళ్ళతో చూస్తేనే ఒప్పుకుంటా. ఎప్పుడొస్తానో మాత్రం చెప్పను."

సిద్ధాంతిగారు పంచాంగం మూసేశారు. "అడ్డు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదమ్మా. శాస్త్రమే నీ పక్కన ఉంది" అన్నారు.

ఇంక మా ఇంట్లో పడిన పాట్లు చూడాలి. మధ్యాహ్నం అన్నం తినగానే అమ్మ నన్ను చాప మీదికి తోసేది. "నిద్రపో" అనేది. రమ్మంటే వచ్చేదా నిద్ర? కళ్ళు మూసుకుంటే అతనికి పొలమారడం కనిపించేది, నవ్వొచ్చేది. నాన్న అతని తల్లి గొంతు పెట్టి 'కా' పేరుతో పిలిచేవాడు. నేను కదలకూడదు. తర్వాత 'పు' పేరుతో పిలిచేవాడు. నేను దిగ్గున లేవాలి. మీసాలున్న ఆ గొంతు విని నేను 'కా' దగ్గరే కిసుక్కుమనేదాన్ని. "కొంప ముంచుతాదిమే ఇది" అనేవాడు నాన్న. నాలుగు మధ్యాహ్నాలు అట్లా గడిచాయి. ఆమె రాలేదు. నాలుగు రోజులూ గురక తీయడం కూడా నేర్చుకున్నాను. చాలా బాగా వచ్చింది.

అయిదో రోజు తెల్లవారుజామున చేపలు విపరీతంగా పడ్డాయి. చీకటితో లేచి బుట్టలు మోసి, ఏరి, ఉప్పు పట్టించి, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నా కాళ్ళు నావి కావు. రెండు ముద్దలు తిని, నటనా లేదు ఏమీ లేదు, చాప మీద ఒరిగినదాన్ని ఒరిగినట్టే చచ్చినట్టు నిద్రపోయాను. ఆ రోజే ఆమె వచ్చింది. కొడుకు పడవలో తీసుకొచ్చి ఒడ్డున కూర్చున్నాడు. ఆ తర్వాత జరిగింది అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో, నేను మెలకువగా ఉండి చూసినట్టే ఉంటుంది.

ఆమె నా తల దగ్గర గొంతుక్కూర్చుని 'కా' పేరుతో మూడుసార్లు పిలిచింది. ఉలుకూ లేదు పలుకూ లేదు. నాన్న గడప దగ్గర ముసిముసిగా నవ్వాడు. తర్వాత ఆమె 'పు' పేరుతో పిలిచింది. ఒకసారి. రెండుసార్లు. మూడోసారి కొంచెం గట్టిగా. నేను అటు తిరిగి పడుకున్నాను.

నాన్న నవ్వు ఆగిపోయింది.

"చూసినావా వదినా, రెండూ గాదు" అంది ఆమె. ఎగతాళిగా కాదట, నిజంగా నొచ్చుకుంటూ అందట. కొడుకు ఒడ్డున ఎదురు చూస్తున్నాడు కదా, ఆమెకి మాత్రం కుదరకూడదని ఉందా?

అమ్మ ఒక నిమిషం నన్ను చూసింది. "పేరు అదే వదినా. పిలవడం అట్లా గాదు" అంది. గడప దాటి బయటికి పోయి, దడి అవతల నిలబడి, రోజూ పడవలు ఒడ్డుకి రాగానే ఎట్లా పిలుస్తుందో అట్లా పిలిచింది. మొదటి అక్షరం పొట్టిగా కొట్టి, చివరి అక్షరం గాలి మీద సాగదీసి, దాని వెనకే "ఎంతసేపే" అని ఒక కేక.

నేను లేచాను. లేచానని నాకు తెలియదు. "వస్తన్నా మా" అని అరిచి, మూలనున్న ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకుని, అతని తల్లి కాలు తొక్కి, నాన్నని పక్కకి నెట్టి, ఇసకలో పడి పరిగెత్తాను. కళ్ళు సగమే తెరుచుకున్నాయి. ఒడ్డున ఒక పడవ కనిపించింది. సూటిగా దాని దగ్గరికి పోయి బుట్ట దించి, "పొయ్యి" అన్నాను.

పడవలో చేపలు లేవు. అతను ఉన్నాడు. నన్ను చూశాడు, బుట్టని చూశాడు. "ఏం పొయ్యమంటావు?" అన్నాడు.

నాకు అప్పుడు మెలకువ వచ్చింది. జుట్టు విరబోసుకుని, చెంప మీద చాప అచ్చులతో అతని ముందు నిలబడి ఉన్నాను. అతను నవ్వాడు, ఈసారి పొలమారలేదు. నాకూ నవ్వు ఆగలేదు. ఇద్దరం పడవ అంచు పట్టుకుని పడీ పడీ నవ్వాం. పెళ్ళి కుదిరిందని ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసిపోయింది.

అక్కడ ఇంట్లో అతని తల్లి నేను తొక్కిన కాలు రుద్దుకుంటూ లేచిందట. వచ్చి దడి పక్కన అమ్మ దగ్గర నిలబడిందట. "పేరు అదే, ఒప్పుకున్నా. ఆ పిలుపు నాకు నేర్పు వదినా. రేపట్నుంచి పిలవాల్సింది నేను గదా" అందట.

కాసేపటికి అమ్మ నేర్పింది.

ఒడ్డున ఉన్న మాకు అది వినిపించింది. ముందు అమ్మ గొంతు, నా పేరు. తర్వాత ఇంకో గొంతు, అదే పేరు, కానీ తేడాగా. మళ్ళీ అమ్మ, కొంచెం నిదానంగా, పసిపిల్లకి అన్నం కలపడం నేర్పినట్టు. మళ్ళీ ఆమె. "మా అమ్మకి ఏమైంది?" అన్నాడు అతను. నా నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు. మూడోసారి అమ్మ పిలిచినప్పుడు చివరి అక్షరం సాగలేదు, మధ్యలో తెగిపోయింది. ఆ తర్వాత అమ్మ గొంతు వినపడలేదు.

కాసేపు అలల చప్పుడే. తర్వాత నా పేరు మళ్ళీ వచ్చింది. మొదట పొట్టిగా, చివర గాలి మీద సాగి, సరిగ్గా అమ్మ పిలిచినట్టే, అమ్మది కాని గొంతులో.

నేను బుట్ట ఎత్తుకుని, ఏడుస్తూ, ఆ పిలుపు వైపు నడిచాను.